పేరు నచ్చిందా అని అడిగితే ఏం తెలుస్తుంది?

వ్యాపారానికి రెండు మూడు పేర్లు తేలాక దాదాపు అందరూ చేసే పని ఒకటే, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టడం. సాయంత్రానికి ముప్ఫై ఓట్లు వస్తాయి, ఒక పేరు ముందుంటుంది, ఇక అదే ఖాయం చేసేసి లేబుళ్ళు అచ్చుకి ఇచ్చేస్తారు. ఈ పద్ధతిలో చిక్కేంటంటే, ముప్ఫై మందిని అడిగితే ఏ పేరు మేలైనదో తేలదు. ఏ పేరులో ఏ లోపం ఉందో మాత్రం చక్కగా బయటపడుతుంది, కానీ పోల్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. చిన్న సర్వే దేనికి పనికొస్తుందో దానికి వాడకుండా, దేనికి పనికిరాదో దానికే వాడుతున్నామన్నమాట.

ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. కరీంనగర్ నుంచి వచ్చి హైదరాబాద్ కూకట్‌పల్లిలో స్థిరపడిన ఒకావిడ ఇంట్లో పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటోంది. ఇన్నాళ్ళూ పేరు లేకుండానే నడిచింది, ఇప్పుడు సీసాలకి లేబుల్ కావాలి. వడపోసి మూడు పేర్లు మిగిల్చుకుంది: "ఇంటి ఊరగాయ", "జాడీమూత", "తొక్కుల గంప". కుటుంబం, స్నేహితులు ఉన్న గ్రూపులో పోల్ పెడితే 34 ఓట్లు పడ్డాయి. తొక్కుల గంపకి 15, ఇంటి ఊరగాయకి 11, జాడీమూతకి 8. ఆవిడకి మొదట్నుంచీ ఇష్టమైనది తొక్కుల గంపే, ఆ సంగతి గ్రూపులో సగం మందికి తెలుసు కూడా.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. 15కీ 11కీ తేడా 4. ఇది నిజమైన తేడానా, కాకతాళీయమా అని తేల్చుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది: పోల్చే రెండు పేర్ల ఓట్లు కూడి, దానికి వర్గమూలం కట్టి, రెట్టింపు చేయండి. ఓట్ల తేడా దానికంటే తక్కువైతే ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదు. 15, 11 కలిపితే 26, వర్గమూలం సుమారు 5, రెట్టింపు 10. తేడా 4 మాత్రమే, కాబట్టి రెండు పేర్లూ సమానమనే అనుకోవాలి. ఆఖరికి మొదటి పేరుకీ చివరి పేరుకీ మధ్య లెక్క చూసినా, 15, 8 కలిపితే 23, వర్గమూలం 4.8, రెట్టింపు 9.6, తేడా 7 దగ్గరే ఆగిపోయింది. అంటే ఆ పోల్ ఏ పేరునీ గెలిపించలేదు, ఏ పేరునీ ఓడించలేదు.

నమ్మబుద్ధి కాకపోతే ఒక రూపాయి నాణెం తీసుకుని 20 సార్లు ఎగరేసి చూడండి. 12-8 గానీ, అంతకంటే ఎక్కువ తేడా గానీ సగం సార్లు వస్తుంది, నాణెంలో ఏ లోపం లేకపోయినా. 15-5 లేదా అంతకు మించిన తేడా రావడం మాత్రం వందలో నాలుగు సార్లే. ఇరవై మందిలో పన్నెండు మంది ఒక పేరు వైపు ఉన్నారంటే వినడానికి గట్టిగా ఉంటుంది, కానీ అందులో ఉన్న సమాచారం నాణెం చెప్పేదానికంటే ఎక్కువేం కాదు. పైగా ఈ లెక్క కూడా ఎవరికి వారు విడిగా, కొనేవాళ్ళ మనసుతో ఓటేశారని అనుకుంటేనే. గ్రూపు పోల్‌లో అలా జరగదు. మామూలుగా వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది, పెద్దమ్మ ఒక పేరుకి వేశాక కోడళ్ళు ఇంకోదానికి వేయడం కష్టం. జాబితాలో మొదట ఉన్న పేరుకి కొంత అదనపు లాభం కూడా ఉంటుంది. గూగుల్ ఫారమ్‌లో అయితే "Shuffle option order" అని ఒక ఏర్పాటు ఉంది, అది పెడితే పేర్ల వరుస మారుతూ ఉంటుంది, ఎవరి ఓటు ఎవరికీ కనిపించదు. పోల్ తప్పదనుకుంటే కనీసం అలా పెట్టాలి.

ఎవరు ఓటేస్తున్నారన్నది ఇంకా పెద్ద విషయం. 2016లో బ్రిటన్‌లో ఒక పరిశోధన నౌకకి పేరు పెట్టమని ప్రజలని ఆన్‌లైన్‌లో అడిగితే "బోటీ మెక్‌బోట్‌ఫేస్" అనే పేరుకి 1,24,109 ఓట్లు వచ్చాయి. లక్షకి పైగా ఓట్లంటే అంకెల తేడా విషయంలో సందేహమే లేదు, అయినా నౌకకి ఆ పేరు పెట్టలేదు, సర్ డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, బోటీ పేరుని అందులో వాడే చిన్న జలాంతర వాహనానికి ఇచ్చారు. ఓటేసిన వాళ్ళకి ఆ నౌకతో రోజూ పని లేదు, పేరు సరదాగా ఉందా లేదా అనేదే వాళ్ళకి ప్రశ్న. ఫ్యామిలీ గ్రూపులో ఓటేసే మేనమామకి కూడా అంతే, ఆయన పచ్చడి డబ్బులిచ్చి కొనడు, పేరు ఎవరికీ ఫోన్‌లో చెప్పే అవసరమూ రాదు.

మరి ఆవిడ ఏం చేయాలి? ఇంతకుముందు కనీసం రెండు సార్లు కొన్న కస్టమర్లలో 30 మందిని ఎంచుకుని, పదేసి మంది చొప్పున మూడు గుంపులు చేయాలి. ఒక్కో గుంపుకి ఒక్క పేరే వినిపించాలి. మూడు పేర్లూ పక్కపక్కన పెడితే మనిషి వెంటనే జడ్జిగా మారిపోయి మార్కులు వేయడం మొదలుపెడతాడు. నిజ జీవితంలో ఎవరూ మూడు పేర్లు పక్కపక్కన చూసి పచ్చడి కొనరు, ఎవరో చెప్పగా ఒక పేరు వింటారు, అంతే. ఇంకో జాగ్రత్త, ప్రతి గుంపులో తెలంగాణ ఇళ్ళూ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ళూ చెరి సగం ఉండేలా చూసుకోవాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. అడిగేది కూడా ఆవిడ కాకుండా వేరే ఎవరైనా అయితే మంచిది, ఎందుకంటే ఆవిడే అడిగితే "మంచిగుందక్కా" అనో "బాగుందండి" అనో తప్ప ఇంకో మాట రాదు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, మొహమాటం, అంతే.

అడగాల్సినవి మూడే. వాటిలో "నచ్చిందా" అనేది లేదు.

మొదటిది ఫోన్ పరీక్ష. మామూలుగా ఆర్డర్ గురించి మాట్లాడుతూ మధ్యలో పేరు ఒక్కసారి చెప్పి, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్ చేయమనాలి. స్పెల్లింగ్ చెప్పకూడదు, రెండోసారి పలకకూడదు. తెలుగు పేర్లకి ఈ పరీక్ష చాలా అవసరం, ఎందుకంటే మన దీర్ఘాలు, ఒత్తులు, త-ట తేడాలు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. జాడీమూత చెబితే `jadimutha`, `jaadi mootha`, `jadi moota`, `jaadeemootha` ఇలా వస్తాయి. ఇంటి ఊరగాయ అయితే `inti uragaya`, `inti ooragaya`, `intioragaya`. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికేటప్పుడు ఒక్క అక్షరం తేడా వచ్చినా షాపు దొరక్కపోవచ్చు, ఇంకొకరి పేజీ తగలొచ్చు. ఇక్కడ చూడాల్సినవి రెండు. పదిమంది రాసినవాటిలో ఎక్కువమంది రాసిన స్పెల్లింగ్ ఏదైతే అదే మన స్పెల్లింగ్ కావాలి, మనకి సరైనదనిపించేది కాదు. ఇక ఎవరైనా అసలు వేరే మాటే విన్నారా అనేది రెండోది. మన ఉదాహరణలో జాడీమూత విన్న పదిమందిలో ఒకరు `jodi mutha` అని రాశారనుకుందాం. ఒక్కరే కదా అని వదిలేయకుండా, ఫోన్ సరిగా వినిపించలేదా, లేక మాటే అలా వినిపిస్తోందా అని ఇంకో ఐదుగురి దగ్గర చూడాలి. ఆ ఐదుగురూ సరిగ్గానే విన్నారు, సరే.

రెండోది అర్థం. పచ్చళ్ళ మాట ఎత్తకుండా, ఈ పేరుతో ఒక షాపు ఉంటే అక్కడ ఏం అమ్ముతారనుకుంటారు అని అడగాలి. అసలు విషయం ఇక్కడే బయటపడింది. తొక్కుల గంప విన్న తెలంగాణ ఇళ్ళవాళ్ళు ఐదుగురూ వెంటనే పచ్చళ్ళని చెప్పారు, వాళ్ళకి మామిడికాయ తొక్కు, టమాట తొక్కు రోజూ నోట్లో ఉండే మాటలు. కోస్తా వైపు వాళ్ళు ఐదుగురిలో ఇద్దరే పచ్చడన్నారు. ఒకరు పండ్లరసం బండి అన్నారు, ఒకరు ఎరువు తయారుచేసేవాళ్ళా అని అడిగారు, ఇంకొకరు ఏమీ చెప్పలేకపోయారు. తొక్కు పచ్చడి అనే మాట కోస్తాలో అసలు తెలియదని కాదు, కానీ విడిగా, పైగా గంప పక్కన వినేసరికి చాలామందికి అరటి తొక్కలే గుర్తొస్తాయి. తొక్కుల, తొక్కల, ఈ రెంటికీ ఫోన్‌లో తేడా ఎంత?

ఫ్యామిలీ గ్రూపులో 34 మంది ఓటేసినా ఈ సంగతి ఎందుకు బయటపడలేదంటే, వాళ్ళంతా దాదాపు ఒకే జిల్లా మనుషులు. అక్కడ 34 మంది కాదు, 340 మంది ఓటేసినా ఇదే ఫలితం వచ్చేది, ఇంకా గట్టిగా వచ్చేది. ఎంతమందిని అడిగామన్నదానికంటే ఎలాంటివాళ్ళని అడిగామన్నది ముందు చూడాలనేది ఇందుకే. కూకట్‌పల్లిలో అమ్మే పచ్చడికి రెండు యాసల వాళ్ళూ కస్టమర్లే. అదే ఆవిడ కరీంనగర్‌లో ఉండి అక్కడే అమ్ముకుంటుంటే తొక్కుల గంప మీద ఏ అభ్యంతరమూ ఉండేది కాదు, బహుశా మూడింట్లో అదే మంచి పేరు.

పదిమందితోనే ఇదంతా ఎలా నమ్మొచ్చు, ఇందాక 34 ఓట్లే చాలవన్నారు కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెండు పేర్లలో ఏది కాస్త మేలో తేల్చడానికి చాలామంది కావాలి, కానీ ఒక లోపం ఉందని తెలుసుకోవడానికి కొద్దిమంది చాలు. వినేవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పేరు తప్పుగా అర్థమవుతుందనుకోండి, పదిమందిని అడిగితే కనీసం ఒకరి దగ్గరైనా అది బయటపడే అవకాశం వందకి 89. ఒకసారి బయటపడ్డాక అది ఎందుకు జరిగిందో మనకే అర్థమైపోతుంది, దానికి గణాంకాలు అక్కర్లేదు. దీనికీ ఒక హద్దుంది. ఇరవై మందిలో ఒకరికే తగిలే లోపమైతే పదిమందిని అడిగినప్పుడు వందకి 40 సార్లే కనిపిస్తుంది. అలాగే 30 మందిలో ఒక్కరికీ ఇబ్బంది రాలేదంటే ఇబ్బందే లేదని అర్థం చేసుకోకూడదు, బయట పదిశాతం మంది దాకా ఇబ్బంది పడే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది. మూడుని అడిగినవాళ్ళ సంఖ్యతో భాగిస్తే ఆ పైహద్దు వస్తుంది, 3ని 30తో భాగిస్తే పదోవంతు.

అర్థం పరీక్షలో జాడీమూతకి కూడా మచ్చ పడింది. పదిమందిలో నలుగురు వంటింటి సామాన్ల షాపనుకున్నారు. అయితే ఈ లోపం వేరు, తొక్కుల గంప లోపం వేరు. జాడీమూత అంటే ఏం అమ్ముతారో తెలియకపోవడం ఒక చిన్న వరుసతో తీరిపోతుంది, పేరు కింద "ఇంటి పచ్చళ్ళు" అని రాస్తే చాలు, సీసాలో ఎర్రగా ఆవకాయ కనిపిస్తూనే ఉంటుంది కూడా. తొక్కుల గంప విన్నవాళ్ళకి చెత్త గుర్తొచ్చాక కింద ఏం రాసినా ఆ బొమ్మ మనసులోంచి పోదు, తినే వస్తువు కాబట్టి అసలే పోదు. సర్వేలో వచ్చిన ప్రతి ఫిర్యాదునీ ఇలా రెండుగా విడదీసి చూడాలి, రాతతోనో బొమ్మతోనో సరిచేయగలిగేది, సరిచేయలేనిది. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టి తక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటే తప్పు పేరు చేతికొచ్చే ప్రమాదముంది.

మూడోది గుర్తు. రెండు రోజులాగి అదే మనుషులకి ఫోన్ చేసి, మొన్న ఒక పేరు చెప్పాం, ఏంటో గుర్తుందా అనడగాలి. మాట అందివ్వకూడదు. తొక్కుల గంప అప్పటికే పోయింది కాబట్టి మిగిలిన రెండిటికే ఈ పరీక్ష. జాడీమూతని పదిమందిలో ఆరుగురు సరిగ్గా చెప్పారు, ఇద్దరు "జాడీ ఏదో" అన్నారు. ఇంటి ఊరగాయని ఇద్దరే సరిగ్గా చెప్పారు. మిగతావాళ్ళు "ఇంటి పచ్చళ్ళు", "అమ్మ చేతి ఊరగాయ", "ఏదో ఊరగాయ" ఇలా.

ఇక్కడ కూడా తొందరపడకూడదు. ఆరు, రెండు అనే అంకెల మీద ఇందాకటి లెక్క వేస్తే, మొత్తం 8, వర్గమూలం 2.8, రెట్టింపు 5.6, తేడా 4. అంకెలు ఒక్కటే చూస్తే తేలలేదు. కానీ తప్పు చెప్పినవాళ్ళు ఏ తప్పు చెప్పారో చూడండి. జాడీమూత మర్చిపోయినవాళ్ళ దగ్గర జాడీ మిగిలింది. ఇంటి ఊరగాయ మర్చిపోయినవాళ్ళు వేరే షాపు పేరైనా కాగలిగే పేర్లలోకి జారిపోయారు, అంటే ఆవిడ గురించి పక్కింటివాళ్ళకి చెప్పినా ఆర్డర్ ఇంకొకరికి వెళ్ళొచ్చు. పదిమంది సర్వేలో ఇలాంటి జవాబుల వివరమే అసలు పంట. అందుకే జవాబులని అవును-కాదు కింద కాకుండా వాళ్ళు అన్న మాటలు అన్నట్టే ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.

మరి పోల్‌లో జాడీమూత ఆఖరున ఎందుకుంది? కొత్త మాట ఏదైనా మొదటిసారి కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. వినగా వినగా ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయెన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. పోల్‌లో జనం పేరుని మొదటిసారి చూస్తారు, కస్టమర్ దాన్ని ఏళ్ళ తరబడి చూస్తాడు. అందుకని ఏది నచ్చిందన్న పోల్ ఎప్పుడూ తెలిసిన మాటలవైపు, వర్ణించే పేర్లవైపు మొగ్గుతుంది. "ఇంటి ఊరగాయ" లాంటి పేరు వినగానే అర్థమవుతుంది, ఓటు పడుతుంది. కానీ 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం సరుకు రకాన్ని, గుణాన్ని మాత్రమే చెప్పే మాటలకి రిజిస్ట్రేషన్ మామూలుగా దొరకదు, చాలాకాలం వాడి పేరు తెచ్చుకున్నామని నిరూపిస్తే తప్ప. పోల్‌లో బలమనిపించినదే రిజిస్ట్రేషన్ దగ్గర బలహీనత అవుతుంది.

ఇదే సందర్భంలో ఒక మాట. సర్వేలో ఎవరైనా "ఈ పేరు ఇంతకుముందే విన్నట్టుందే" అంటే చాలామంది సంతోషిస్తారు, పేరు సహజంగా ఉందని. నిజానికి అది వెంటనే ఆగి చూసుకోవాల్సిన సంకేతం. ట్రేడ్ మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, అక్షరాలతోనే కాకుండా ఉచ్చారణని బట్టి వెతికే ఏర్పాటు కూడా ఉంది. అక్కడ సరుకులని రకాన్ని బట్టి తరగతులుగా విడదీస్తారు, పచ్చళ్ళకి 29వ తరగతిలో, చట్నీలు మసాలాల కోసం 30వ తరగతిలో చూడాలి. అసలైతే ఈ వెతుకులాట సర్వేకి ముందే జరగాలి, వాడుకోలేని పేరుని ముప్ఫై మందికి వినిపించి లాభం లేదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి డబ్బులు పెట్టి ఒకే ఫోటోకి రెండు పేర్లతో రెండు ప్రకటనలు నడిపి, క్లిక్కులు లెక్కపెడతారు. మాటలకంటే చేతలు నమ్మదగినవే, కానీ అంకెల జబ్బు ఇక్కడా ఉంటుంది. చెరో వెయ్యిమందికి చూపిస్తే ఒకదానికి 26 క్లిక్కులు, ఇంకోదానికి 20 వచ్చాయనుకోండి. కలిపితే 46, వర్గమూలం 6.8, రెట్టింపు సుమారు 13.6, తేడా 6. ఏమీ తేలలేదు. ప్రకటన ఖర్చు అయింది, ఆవిడ ఉన్నచోటే ఉంది. చిన్న వ్యాపారానికి ఈ డబ్బు మూడు నమూనా లేబుళ్ళు అచ్చేయించి, సీసాలకి అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చదవమనడానికి పెడితే ఎక్కువ తెలుస్తుంది.

ఇంకొకటి మిగిలింది, చాలామంది ఇక్కడే జారిపోతారు. ఫలితాలు వచ్చాక వాటిని మనకిష్టమైన పేరుకి అనుకూలంగా చదువుకోవడం. తొక్కుల గంప ఇష్టపడే మనిషి కోస్తా వాళ్ళ జవాబులు చూసి "ఐదుగురిలో ఇద్దరికి అర్థమైందిగా" అనుకోగలదు. దీనికి మందు, అడగడానికి ముందే ఒక కాగితం మీద రాసుకోవడం: పదిమందిలో ఇద్దరికంటే ఎక్కువమందికి తిండికి పనికిరాని అర్థం తోస్తే ఆ పేరు వదిలేస్తాను, ఫోన్‌లో ముగ్గురికంటే ఎక్కువమంది వేరే మాట వింటే వదిలేస్తాను. ఈ ఇద్దరు, ముగ్గురు అనే అంకెలకి శాస్త్రమేమీ లేదు, ముందే రాసుకోవడంలోనే ఉంది బలం. తొక్కుల గంప విషయంలో పండ్లరసం బండి అన్నది తిండే కాబట్టి పక్కన పెట్టినా, ఒకరికి ఎరువు తోచింది, ఒకరికి ఏమీ తోచలేదు. ఆ కాగితం ప్రకారం చూస్తే హద్దు దాటలేదు. అయినా ఆవిడ ఆ పేరు వదిలేసిందంటే కారణం ఆ అంకె కాదు, తప్పులన్నీ ఒకే వైపు నుంచి రావడం, ఆ వైపు కస్టమర్లు సగం మంది కావడం. ఇలా హద్దుని దాటి నిర్ణయం తీసుకున్నప్పుడు ఎందుకు దాటామో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి, అప్పుడే అది ఇష్టమా, కారణమా అనేది తనకే కనిపిస్తుంది.

చివరికి ఆవిడ జాడీమూత తీసుకుంది. కింద చిన్న అక్షరాల్లో "ఇంటి పచ్చళ్ళు", ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువమంది రాసిన `jadimutha`, దాంతోపాటు `jaadimootha` కూడా తీసిపెట్టుకుని అక్కడ అసలు పేజీ లింకు. తొక్కు అన్న మాటని పూర్తిగా వదులుకోలేదు, మామిడికాయ తొక్కు సీసా మీద ఆ మాట పెద్దగానే ఉంటుంది, అక్కడ బొమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి ఎవరూ పొరబడరు. లేబుళ్ళు మొదట 200 మాత్రమే అచ్చేయించింది. ఆ సీసాలు అమ్ముడయ్యేలోపు ఆర్డర్ చేసేవాళ్ళు పేరుని ఏమని పిలుస్తున్నారో రాసుకుంటూ ఉండాలి. "జాడీ వాళ్ళ పచ్చడి" అని కుదించి పిలవడం మొదలుపెడితే ఆ పొట్టి పేరుతో 29, 30 తరగతుల్లో ఇంకెవరైనా ఉన్నారేమో మళ్ళీ ఒకసారి వెతుక్కోవాలి, రెండోసారి లేబుళ్ళు అచ్చుకి ఇచ్చే ముందే.